బట్టల బండ పక్కన జామ చెట్టు

3 మార్చి 2024, ఆదివారం

ఇవాళ స్నానాల నీళ్లు లెక్క కట్టాను. మా బకీటు నిండితే 18 లీటర్లు. ఆయనకు రెండు, నాకు రెండు, అత్తమ్మకు ఒకటిన్నర. చిన్నోడికి మూడు, అదీ షవర్ వద్దని బతిమాలితే. మొత్తం నూట యాభై లీటర్ల పైమాటే.

మిషను గొట్టం బయటికి లాగి ఆ నీళ్లూ పట్టాను. సబ్బు నీళ్లు రెండున్నర బకీట్లు. ఆ తర్వాత రెండుసార్లు జాడింపు, ఒక్కోసారి మళ్లీ రెండున్నర. మిషను రోజు విడిచి రోజు వేస్తాం.

చిన్నోడి సివిల్ పుస్తకంలో మనిషికి రోజుకు 135 లీటర్లని రాసి ఉంది. అందులో స్నానానికి 55, బట్టలకు 20. సగం కంటే ఎక్కువ ఈ రెండింటికే. మేం అంత కూడా వాడటం లేదు. వాడిందంతా మోరీలోకి పోతోంది. ఆ మోరీ గట్టు మీదే కనకాంబరాలు ఎండిపోతున్నాయి.

6 మార్చి

నల్లా నిన్న రావాలి. ఇవాళ పొద్దున వచ్చింది, సన్నగా. సింగూరు నీళ్లో, ఎల్లంపల్లి గోదావరి నీళ్లో... మా తిరుమలగిరి దాకా ఎన్ని కొండలెక్కి వస్తాయో.

ప్లంబర్ వచ్చి చూశాడు. పాత ఇల్లు కావడం ఇప్పుడు మేలైంది. స్నానాల గది వేరు, పాయఖానా వేరు, పైపులూ వేరు. గది నేల పెరటి కంటే రెండున్నర అడుగులు ఎత్తు. "మోటారు అక్కర్లేదమ్మా, నీళ్లు వాటంతట అవే దిగుతయ్" అన్నాడు.

నహానీ ట్రాప్ జోలికి మాత్రం పోవద్దని చెప్పాను. అందులో నిలిచే చారెడు నీళ్లే కంపును లోపలికి రాకుండా ఆపేది. దాని తర్వాత, గోడ బయట, పైపును రెండుగా చీల్చి రెండు వాల్వులు పెట్టాలి. ఒకటి తోటకు, ఒకటి మోరీకి. మోరీ దారి మూసేయకూడదు. అది ఉంటేనే తోట దారి పనికొస్తుంది.

వంటింటి తూము కూడా కలుపుదామా అని అడిగాడు. వద్దన్నాను. నూనె, మెతుకులు, పప్పు నీళ్లు. పూటలో పులిసిపోతాయి.

10 మార్చి, ఆదివారం

మిషను నీళ్లు జామ చెట్టుకు పోనిద్దామని అందరూ అంటున్నారు. బట్టల బండ పక్కనే ఉంది, పైపు ఖర్చు కూడా ఉండదు. నాకు మనసొప్పడం లేదు.

ఆ చెట్టును ఇవాళ దగ్గరగా చూశాను. ఈ ఇంట్లో మేం దిగకముందు నుంచీ బండ మీది నీళ్లన్నీ దాని మొదట్లోకే పోయేవి. కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ. పాత ఆకుల అంచులు మాడి, గోధుమ రంగు. కాయలు ఉసిరికాయంత అయ్యి రాలిపోతున్నాయి. కింద మట్టి పెచ్చులు కట్టి పగిలింది. చెంబుడు నీళ్లు పోస్తే ఇంకలేదు. అలాగే నిలబడ్డాయి, పైన తెల్లటి నురగ.

గేటు దగ్గర పారిజాతం కిందా ఇదే ఎర్రమట్టి. అక్కడ పోసిన నీళ్లు పోసినంతసేపే కనిపించాయి.

ఒకే పెరడు, ఒకే మట్టి. ఎందుకిలా?

17 మార్చి, ఆదివారం

డ్రమ్ము వచ్చింది. నీలం రంగుది, 200 లీటర్లు. ముందు ఏం పోశారో తెలియదు, వాసన పోయేదాకా కడిగించాను. సగం భూమిలోకి దింపారు. స్నానాల గది తూము కంటే డ్రమ్ము పైఅంచు కిందికి ఉండాలి కదా. బేల్దారు దారం కట్టి మట్టం చూశాడు.

అన్నిటికంటే కింద చిల్లుల పైపు, దాని మీద జానెడు మందాన పెద్ద కంకర. ఆ పైన 20 ఎం.ఎం. కంకర ఇంకో జానెడు. తర్వాత బేబీ చిప్స్. అన్నిటికీ పైన ఇసుక, జానెడు పైచిలుకు.

ఇసుక దగ్గరే గొడవ. రోబో ఇసుక చవకగా దొరుకుతుందని తెచ్చాడు. గ్లాసులో వేసి తిప్పి చూపించాను. నీళ్లు పాలలా అయ్యి ఎంతకీ తేరలేదు. అదంతా రాతి పొడి, ఆ పొడే దారులు మూసేస్తుంది. మార్చి నది ఇసుక తెచ్చాడు. జల్లించి, సన్నది పారేసి, గరుకుది మాత్రం కడిగి వేశాం. సన్నటి ఇసుక బాగా వడగడుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. సబ్బుతో కలిస్తే జిడ్డు తెట్టు కడుతుంది. సన్న ఇసుక మీద ఆ తెట్టు పడితే వారం తిరక్కుండానే మూసుకుపోతుంది.

బొగ్గు వేయలేదు. కొన్నాళ్లు వాసన పీలుస్తుంది, ఆ తర్వాత అదీ ఒక రాయే.

డ్రమ్ముకు ముందు పాత పెయింటు బకెట్టు ఒకటి, లోపల జాలీ. వెంట్రుకలు, సబ్బు ముక్కలు అక్కడే ఆగాలి. మిషను గొట్టం చివర చిన్నోడి పాత నైలాన్ సాక్సు కట్టాను. ఒక్క ఉతుకుకే గుప్పెడు నూగు పడింది. బూడిద రంగులో, దూది ఉండలా. ఇన్నాళ్లూ ఇదంతా ఎక్కడికి పోయిందో...

18 మార్చి

బెంగళూరు నుంచి చెల్లి ఫోన్. అక్కడ తాగే నీళ్లతో కారు కడిగితే ఐదు వేలు జరిమానాట. వాళ్ల అపార్ట్‌మెంట్లో ట్యాంకర్ కోసం రాత్రంతా కాపలా. "నువ్వు చేస్తున్న పని మా ఇంట్లో కుదరదే అక్కా, అన్ని పైపులూ గోడల్లోనే కలిపేశారు" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. కట్టేటప్పుడే వేరుగా దింపి ఉంటే ఎంత పని. ఇప్పుడు గోడ ఎవరు కొట్టనిస్తారు?

24 మార్చి, ఆదివారం

తోట వాల్వు తిప్పాం. మొదటి నీళ్లు కంకర దుమ్ముతో ఎర్రగా వచ్చాయి, తర్వాత మసక. సాయంత్రానికి పలచటి బూడిద రంగు. వాసన లేదు. తాగడానికి కాదుగా, చాలు.

డ్రమ్ము నుంచి వంద లీటర్ల చిన్న ట్యాంకులోకి. మూత గట్టిది. గాలి గొట్టానికి దోమల జాలీ, పొర్లే గొట్టానికీ జాలీ. ట్యాంకు నిండితే మిగిలింది మోరీకే.

అరటి పిలకల చుట్టూ మోకాలి లోతు గుంతలు తవ్వించి కొబ్బరి పీచు, ఎండుటాకులు నింపాను. గొట్టం చివర ఆ పీచు కిందే ఉంటుంది. పైన తడి కనిపించకూడదు. కనిపిస్తే దోమ, ఈగ, పిల్లల కాళ్లు. ఆయన డ్రిప్పు వేద్దామన్నారు. ఆ సన్నటి రంధ్రాల్లో ఈ నీళ్లు నెల కూడా నడవవు. వేలు పట్టేంత గొట్టమే నయం.

25 మార్చి, హోలీ

చిన్నోడు, వాడి స్నేహితులు ఊదా రంగులో ఇంటికొచ్చారు. వాళ్లు గదిలోకి వెళ్లకముందే పరుగెత్తి వాల్వు మోరీ వైపు తిప్పాను. ఆ రంగుల్లో ఏం కలుపుతారో ఎవరికి తెలుసు. రెండు వాల్వులు ఎందుకని అడిగిన ఆయన ఇవాళ ఏమీ అనలేదు.

బాత్రూముకు యాసిడ్ పోసే రోజు, బ్లీచింగ్ వాడే రోజు, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్న రోజు కూడా ఇంతే. కాగితం మీద రాసి తలుపుకు అంటించాను.

2 ఏప్రిల్

వాసన వచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన.

శని, ఆదివారాలు పెళ్లికి వెళ్లాం. శుక్రవారం నీళ్లు ట్యాంకులోనే ఉండిపోయాయి. మూత తీస్తే గోడలకు నల్లటి జిగురు. నీళ్లలో ఉన్న కాస్త గాలీ క్రిములు తినేస్తే, ఆ తర్వాత గాలి అక్కర్లేని క్రిములు పుట్టుకొస్తాయి. వాటి వాసనే ఇది.

ఇక నిలవ లేదు. ఇవాళ్టి నీళ్లు ఇవాళే మట్టిలోకి. రాత్రి పడుకునే ముందు ట్యాంకు అడుగు కుళాయి తెరిచేయాలి. ఊరెళ్తే వాల్వు మోరీకి. ఈ ట్యాంకు దాచుకోవడానికి కాదు. పొద్దున ఏడింటికి అందరూ వరసగా స్నానాలు చేస్తే ఒక్కసారిగా దూకే నీళ్లను కాస్త ఆపి, మెల్లగా వదలడానికే.

ఫీనిక్స్‌లో ఉన్న మా అక్క కూతురు చెప్పింది, అక్కడా ఇదే పద్ధతట. అరిజోనాలో 2001 నుంచీ ఇళ్ల వాళ్లు రోజుకు 400 గ్యాలన్ల దాకా పర్మిట్ కోసం తిరగకుండా తోటకు వాడుకోవచ్చు. వంటింటి నీళ్లు మాత్రం కూడదు, చిమ్మకూడదు, నిలవనీయకూడదు. తినే మొక్కల్లో నిమ్మ, నారింజ జాతి, గింజల చెట్లకే. మా అరటి ఆ లెక్కలోకి రాదు. కానీ గెల ఆకాశంలో ఉంటుంది, నీళ్లు పీచు కింద ఉంటాయి. నాకు భయం లేదు. తోటకూర, కొత్తిమీర, ముల్లంగి మాత్రం నల్లా నీళ్లకే.

9 ఏప్రిల్, ఉగాది

అత్తమ్మ అందరికీ నువ్వుల నూనె అంటి సున్నిపిండి ఇచ్చారు. పెయింటు బకెట్టు నిండా పిండి మడ్డి, పైన నూనె పొర. జాలీ తీసి మట్టిలో దులిపాను. కుంకుడు రసం నురగ మాత్రం పీచులోకి దిగి ఎప్పుడు పోయిందో కూడా కనిపించలేదు.

ఈ ఎండకు చదరపు మీటరు తోట రోజుకు ఐదారు లీటర్లు తాగుతుంది. మా స్నానాల నీళ్లకు పాతిక చదరపు మీటర్లు. అంటే అరటి, మందార, కనకాంబరాలు, కరివేపాకు. అంతే. గడప అవతలి గడ్డికి ఇక ఆశ లేదు. పోనీ.

21 ఏప్రిల్, ఆదివారం

ఇసుక మీద నీళ్లు నిలబడుతున్నాయి. మొదట్లో బకీటు పోస్తే పక్కకు తిరిగేలోగా దిగిపోయేది. ఇప్పుడు టీ కాచుకుని వచ్చినా ఇంకా పైనే. చేయి పెట్టి చూశాను. ఇసుక పైన బూడిద రంగు తోలు, వేలితో లాగితే ముక్కగా వచ్చింది. దాని కింద ఇసుక శుభ్రం.

రెండు వేళ్ల మందాన పైపొర తీసి, కడిగి ఎండలో పోశాను. మళ్లీ దిగడం మొదలైంది. మొత్తం తవ్వి కడగకూడదు. లోపల రాళ్ల మీద పట్టిన ఆ సన్నటి జిగురులోనే పని చేసే క్రిములన్నీ ఉంటాయి. అది కట్టడానికి వారాలు పడుతుంది.

ట్యాంకర్ వాడు ఇవాళ కూడా రాలేదు. పక్కింటి వదిన వాళ్ల బోరు ఆగిపోయిందట. మా అరటి కొత్త ఆకు విప్పింది. ఆమె గోడ మీంచి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. నాకు ఎలాగో అనిపించింది.

7 మే, రాత్రి

ఏం వాన! గాలికి రేకులు ఎగిరిపోతాయనిపించింది. కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టి రాస్తున్నాను. ఊళ్లో ఎక్కడో గోడ కూలిందని ఫోన్లు వస్తున్నాయి.

ఆరుబయట గిన్నెలు పెట్టించాను. వాన నీళ్లు కావాలి నాకు, జామ చెట్టు మట్టి కోసం.

9 మే

రెండు గాజు గ్లాసుల్లో వాన నీళ్లు పోశాను. ఒకదాంట్లో పారిజాతం కింది మట్టిబెడ్డ, శనగగింజంత. రెండోదాంట్లో జామ కిందిది. రెండూ బాగా ఎండినవే. కదపకుండా కిటికీలో పెట్టాను.

పారిజాతం బెడ్డ నిమిషంలో విరిగి చిన్న చిన్న రవ్వలై అడుగున కూర్చుంది. నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. ఆ మట్టికి కాస్త ఆకుల ఎరువు తక్కువ, అంతకు మించి రోగం లేదు.

జామ బెడ్డ అంత తొందరగా విరగలేదు. దాని చుట్టూ మెల్లగా పాలపొర లేచింది. పొగలా పక్కలకు పాకింది. మధ్యాహ్నానికి గ్లాసు సగం దాకా మబ్బు. సాయంత్రం కూడా తేరలేదు.

నల్లా నీళ్లతో చూసి ఉంటే ఇది కనబడేది కాదు. వాటిలోని సున్నం బంకమట్టి రేణువుల్ని కూడగట్టి పట్టుకుంటుంది. వాన నీళ్లలో ఏమీ లేవు కాబట్టే నిజం బయటపడింది. సోడియం ఎక్కువైన మట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. విడిపోయిన రేణువులు పోయి సందులన్నీ మూసేస్తాయి. అందుకే నీళ్లు ఇంకవు, అందుకే ఆ పెచ్చు. మట్టిలో క్షారం పెరిగింది కాబట్టి ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఆకు పసుపు, ఈనె పచ్చ.

10 మే

గ్లాసులు అత్తమ్మకు చూపించాను. చాలాసేపు చూశారు.

"చౌడు వట్టింది" అన్నారు.

తర్వాత తనలో తానే చెప్పుకున్నట్టు... "మా చిన్నప్పుడు చాకలోళ్లు చౌడు మట్టి గంపల్ల తెచ్చి దాంట్ల బట్టలు నానేసి ఉడకవెట్టేటోళ్లు. గా మట్టిల గడ్డి పోచ గూడ మొలవకపోయేది. గిప్పుడు గదే ప్యాకెట్ల వస్తున్నది."

నిజమే. చౌడులో ఉండేది సోడానే. పౌడరు డబ్బాలో ఎక్కువ భాగం చాకలి సోడా, సోడియం సల్ఫేటు. ఉతుక్కి డెబ్బై గ్రాములు వేస్తాం. రోజు విడిచి రోజు అంటే ఏడాదికి పన్నెండు కిలోలు దాటుతుంది. బండ మీద ఉతికిన రోజుల్లో ఇలాంటిదంతా ఆ నాలుగు గజాల నేలలోకే, ఏళ్ల తరబడి. స్నానాల సబ్బులోనూ సోడియం ఉంటుంది, కానీ ఇంటిల్లిపాదికీ నెలకు నాలుగు బిళ్లలు. అందులో సోడియం కొంచెమే.

"మరి నీ డ్రమ్ము ఏంజేస్తది?" అని అడిగారు.

ఏమీ చేయదు అత్తమ్మా అన్నాను. నూగు ఆపుతుంది, వెంట్రుక ఆపుతుంది, తెట్టు ఆపుతుంది. కరిగినదాన్ని ఆపలేదు.

"గంతే మరి. పులుసు వడగడితే ఉప్పు వోతదా?"

19 మే, ఆదివారం

చిన్నోడు కాలేజీ నుంచి పి.హెచ్. కాగితాలు తెచ్చాడు. మిషను నీళ్లు మూడు గిన్నెల్లో పట్టాం. సబ్బు నీళ్లలో కాగితం ముదురు నీలానికి తిరిగింది, పది. మొదటి జాడింపు తొమ్మిదికి కాస్త కింద. రెండో జాడింపుకూ నల్లా నీళ్లకూ పెద్ద తేడా లేదు.

కాబట్టి మిషను నీళ్లలో మొదటి రెండున్నర బకీట్లు మోరీకే. జాడింపులు రెండూ తోటకు. గొట్టానికీ రెండు దారులు పెట్టించాను. అత్తమ్మకు మిషను చప్పుడు తెలుసు, రెండోసారి నీళ్లు నిండగానే కేకేస్తారు. ఇద్దరమూ ఇంట్లో లేని రోజు అంతా మోరీకే. తొంభై లీటర్లు పోతే పోయాయి. మట్టి పోతే ఎక్కడి నుంచి తేను?

పౌడరు మానేసి ద్రవం తెచ్చాను. ద్రవాల్లో సోడా, సల్ఫేటు నింపరు. ఖరీదు ఎక్కువ. కాలర్ల మురికి అంతగా పోవడం లేదని ఆయన అంటున్నారు. కాలర్లు నేనే చేత్తో రుద్దుతాను, ఆ నీళ్లు మోరీలో పోస్తాను.

డబ్బా మీద ఏమేం కలిపారో పూర్తిగా రాస్తే ఏం పోతుంది వీళ్లకు? "సహజం" అని మాత్రం పెద్ద అక్షరాలు.

2 జూన్, ఆదివారం

పాలమూరు నుంచి మామయ్య వచ్చారు, జిప్సం బస్తాతో. వేరుశనగ ఊడలు దిగేటప్పుడు ఎకరానికి రెండు క్వింటాళ్లు వేస్తారు ఆయన. కాయ గట్టిపడటానికి సున్నం కావాలి కదా. మాకూ ఆ సున్నమే కావాలి, వేరే పనికి. అది వచ్చి బంకమట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేస్తుంది.

పెచ్చును పలుగుతో పగలగొట్టారు. చదరపు గజానికి అరకిలో చొప్పున చల్లి, జానెడు లోతుకు కలిపాం. వేళ్లు తెగకుండా మామయ్య చేత్తోనే తీశారు. రెండడుగుల కింద మొరం తగిలింది. మంచిదే, నీళ్లు కిందికి పోతాయి. కింద బండ తగిలి ఉంటే తోసేసిన సోడియం అక్కడే నిలబడి మళ్లీ పైకొచ్చేది.

"ఇప్పుడు వాన పడాలమ్మా. మందు మనం ఏసినం, కడిగేది వానే" అన్నారు.

వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత తవ్వించారట. స్నానాల నీళ్లు అందులోకే. వీధిలో బురద పోయింది. చెట్టుకు పెట్టొచ్చు కదా అంటే, "చెట్టెక్కడుందమ్మా, అంతా సీసీ రోడ్డేగా" అన్నారు.

18 జూన్

ముసురు. తోట వాల్వు మూసేశాను. నేల తడిగా ఉన్నప్పుడు ఈ నీళ్లు పోస్తే ఇంకక పైకి తేలతాయి. పైగా జామ మొదట్లో ఇప్పుడు వాన నీళ్లే పడాలి, స్వచ్ఛమైనవి. పైకప్పు గొట్టాన్ని అటు తిప్పించాను.

మోరీలోకి పోయే నీళ్లు చూస్తూ నిలబడ్డాను. ఇవన్నీ ఏదో ఒక నాలా పట్టుకుని మూసీకే కదా. మూసీ ఒడ్డున కింద వాళ్లు ఆ నీళ్లతోనే పచ్చగడ్డి పెంచుతారు. ఆ గడ్డి తిన్న గేదె పాలు మళ్లీ ఊళ్లోకే వస్తాయి. మా ఇంటి సోడా ఎవరి పొలంలో తేలుతుందో? మోరీకి తిప్పినంత మాత్రాన మాయం కాదుగా.

పౌడరు మానేయడమే అసలు పని. మిగతావన్నీ దాని తర్వాతే.

21 జూలై, లష్కర్ బోనాలు

ఇంటి నిండా చుట్టాలు. పొద్దున నుంచీ స్నానాల గది ఖాళీ లేదు. వాన లేదు కాబట్టి వాల్వు తెరిచే ఉంచాను, కానీ డ్రమ్ము ఇంతమందికి చాలదు. ఇసుక మీద నీళ్లు అంచు దాకా వచ్చి, డ్రమ్ము పొర్లే గొట్టంలోంచి మోరీకి పోయాయి. గొట్టం పని చేస్తుందని ఇవాళ కళ్లారా చూశాను. అది లేకపోతే ఈ నీళ్లన్నీ అంచు దాటి పెరట్లోకే.

ఆడబిడ్డ పెయింటు బకెట్టు చూసి ముక్కు మూసుకుంది. మధ్యాహ్నం అరటి ఆకుల్లో వడ్డిస్తుంటే, "ఈ ఆకులు ఏ నీళ్లతో పెరిగినయి వదినా?" అంది. ఉన్నమాట చెప్పాను. నీళ్లు వేరు దగ్గర, ఆకు పైన, కడిగి వేశానని కూడా చెప్పాను. ఆకు మార్చమనలేదు. తిన్నది.

30 జూలై

వీధిలో రెండిళ్లల్లో డెంగీ. దోమ పురుగులు వెతకడానికి వచ్చినావిడ మా డ్రమ్ము మూత తీయమంది, ట్యాంకు మూత తీయమంది. టార్చి వేసి చూసింది. ఒక్క పురుగు లేదు. గాలి గొట్టం జాలీ ఒక మూల ఊడి ఉందని ఆవిడే చూపించింది. ఆమె ఉండగానే తీగతో కట్టాను.

పురుగు దొరికింది ఎక్కడంటే, మనీప్లాంట్ సీసాలో. నల్లా నీళ్లలో.

25 ఆగస్టు, ఆదివారం

జామ కొత్త చిగుళ్లు. మొదటి రెండు ఆకుల్లో పసుపు ఇంకా ఉంది, మూడోది పచ్చగా వచ్చింది. అంచులు మాడిన పాత ఆకులు ఎటూ బాగుపడవు, కొత్తవాటినే చూడాలి.

మళ్లీ గ్లాసు పెట్టాను. వాన నీళ్లు, శనగగింజంత బెడ్డ. ఈసారి విరిగింది. చుట్టూ పాలపొర పలచగా, బెడ్డను అంటుకునే ఉంది. సాయంత్రం దాకా పాకలేదు. జానెడు లోతు నుంచి తీసిన బెడ్డ మాత్రం ఇంకా మబ్బు పట్టింది. పైన తగ్గింది, లోపల ఉంది.

చెంబుడు నీళ్లు పోసి చూశాను. నెమ్మదిగానైనా దిగాయి.

8 సెప్టెంబరు, ఆదివారం

మామయ్యకు ఫోన్ చేశాను. ఇంకో అర బస్తా పంపిస్తానన్నారు. వానలు వెనక్కి పోకముందే వేయాలి. ఈసారి పలుగుతో కాదు, చెట్టు చుట్టూ కడ్డీతో రంధ్రాలు పొడిచి అందులో నింపమన్నారు. వచ్చే వేసవిలో కూడా జామకు జాడింపు నీళ్లు పెట్టను. దానికి నల్లా నీళ్లే, లేకపోతే ఏమీ లేదు.

ప్లంబర్ వచ్చాడు, పని మీద కాదు. వాళ్ల ఇల్లు లాల్‌బజార్ వెనక, రెండు గదులు, ముందు నాలుగడుగుల జాగా. "డ్రమ్ముకు చోటు లేదమ్మా, ఏం జెయ్యాలె?" అన్నాడు. డ్రమ్ము లేకుండానే మొదలుపెట్టు అన్నాను. జాలీ ఒకటి, పీచు గుంత ఒకటి, రెండు వాల్వులు. నీళ్లు నిలవ ఉంచకపోతే అంతే చాలు. పౌడరు ఏది వాడతారని అడిగాను.

కిలో ప్యాకెట్టు, చాకలి సోడా కలిపి, అన్నాడు.

వాళ్లావిడను ఒకసారి తీసుకురమ్మన్నాను. గ్లాసు చూపించాలి.

డ్రమ్ము ఇసుక పైపొర తీయాలి. సాక్సు చిరిగింది, మార్చాలి.